శీతోష్ణస్థితి నోట్స్‌ను ఒక్క పటంగా మార్చడం: కొప్పెన్ ఎనిమిది మండలాలతో రివిజన్ షీట్

భారతదేశ శీతోష్ణస్థితి మండలాల మీద క్లాసులో రాసుకున్న నోట్స్ మామూలుగా ఏడెనిమిది పేజీలు ఉంటాయి. అందులో కొప్పెన్ వర్గీకరణ భాగం చదివేటప్పుడు తేలికగానే ఉంటుంది. పరీక్ష హాల్లో మాత్రం As ఎక్కడ, Aw ఎక్కడ అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. నోట్స్‌లో అవి ఒకదాని కింద ఒకటి వరుసలుగా ఉంటాయి, నేల మీద పక్కపక్కనే ఉంటాయి. మండలాల మధ్య గీత అక్కడే ఎందుకు పడింది అన్నది వరుసలో కనిపించదు, పటంలో కనిపిస్తుంది. అందుకే ఈ షీట్‌లో ముందు కారణాలు గీస్తాం, ఆ తర్వాతే మండలాలు వస్తాయి.

కొప్పెన్ పద్ధతిని అనుసరించి ఇంటర్, డిగ్రీ, గ్రూప్స్ పుస్తకాలు భారతదేశాన్ని సాధారణంగా ఎనిమిది మండలాలుగా చూపిస్తాయి: Amw, As, Aw, BShw, BWhw, Cwg, Dfc, E. ఈ ఎనిమిదింటితోనే పని మొదలుపెడదాం.

కాగితం, కొలతలు

ఏ4 కాగితాన్ని అడ్డంగా తీసుకోండి. వెడల్పు 29.7 సెం.మీ., ఎత్తు 21 సెం.మీ. వస్తుంది. దాని మధ్యలో భారతదేశ అవుట్‌లైన్ మ్యాప్ 16 సెం.మీ. ఎత్తు వచ్చేలా ప్రింట్ తీయండి. దేశం ఉత్తర–దక్షిణాలుగా 3,214 కి.మీ., తూర్పు–పడమరలుగా 2,933 కి.మీ. కాబట్టి పటంలో ఒక సెంటీమీటరు నేల మీద దాదాపు 200 కి.మీ. అవుతుంది, పటం వెడల్పు 14.6 సెం.మీ. దగ్గర ఆగుతుంది. అటూ ఇటూ ఏడున్నర సెంటీమీటర్ల చొప్పున ఖాళీ మిగులుతుంది. క్యాప్షన్లు రాసే చోటు అదే.

నిలువుగా పెట్టి పటాన్ని కాగితం నిండా ప్రింట్ తీస్తే చూడ్డానికి బాగుంటుంది. కానీ రాయడానికి పక్కన చోటు మిగలదు, క్యాప్షన్లు పటం మీదికి ఎక్కుతాయి, సరిహద్దులు వాటి కింద పోతాయి.

అవుట్‌లైన్‌లో రాష్ట్రాల సరిహద్దులు లేత బూడిద రంగులో ఉంటే మేలు, నదులు మాత్రం వద్దు. దేశ సరిహద్దుల విషయంలో సర్వే ఆఫ్ ఇండియా పటాన్నే ఆధారంగా తీసుకోండి. ఇంటర్నెట్‌లో దొరికే కొన్ని అవుట్‌లైన్లలో ఉత్తర సరిహద్దు తేడాగా ఉంటుంది. అలాంటి పటం మీద సాధన చేస్తే చేతికి ఆ తప్పు ఆకారమే అలవాటవుతుంది.

కాగితం మామూలు జెరాక్స్ రకం కంటే కాస్త మందంగా, 100 జీఎస్ఎమ్ దగ్గర ఉండాలి. రంగులకు కలర్ పెన్సిళ్లు వాడండి. స్కెచ్ పెన్ను పలచటి కాగితంలో వెనక్కి దిగిపోతుంది, ఈ షీట్ వెనక పక్కతో కూడా మనకు పని ఉంది.

నోట్స్‌ను మూడు రకాలుగా విడదీయడం

పటం జోలికి వెళ్లే ముందు నోట్స్ మొత్తం ఒకసారి చదువుతూ మూడు రకాల గీతలు గీయండి. చోటు చెప్పే మాటకు ఒక గీత, కొలతనో కాలాన్నో చెప్పే మాటకు రెండు గీతలు, కారణం చెప్పే మాట చుట్టూ పెట్టె. చోటు పటంలోకి వెళ్తుంది. కొలత, కారణం క్యాప్షన్‌లోకి వెళ్తాయి. గీత పడనిదంతా షీట్ ముందు పక్కకు రాదు. వర్గీకరణ చరిత్ర, దాని మీద విమర్శలు, థార్న్‌త్‌వెయిట్‌తో పోలిక లాంటివి కావాలంటే వెనక పక్క రాసుకోవచ్చు.

ఒక మండలం తీసుకుని చూద్దాం. నోట్స్‌లో As గురించి ఇలా ఉందనుకోండి:

> కోరమండల్ తీరం, As. వేసవి పొడి. తమిళనాడు తీరం. నైరుతి రుతుపవనాల అరేబియా శాఖకు వర్షచ్ఛాయ ప్రాంతం. బంగాళాఖాతం శాఖ తీరానికి సమాంతరంగా పోతుంది. ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు–డిసెంబరు వర్షం. తుపానులు. వరి పండుతుంది.

ఇందులో కోరమండల్ తీరం, తమిళనాడు అన్నవి చోట్లు. పటం మీద పట్టీగా గీస్తాం కాబట్టి వాటిని క్యాప్షన్‌లో మళ్లీ రాయక్కర్లేదు. అక్టోబరు–డిసెంబరు అన్నది కాలం. వర్షచ్ఛాయ, సమాంతరంగా పోవడం రెండూ కారణాలు. వరి ఇక్కడ అనవసరం, అది పంటల పటంలో రావాలి. తుపానులు ఈశాన్య రుతుపవన కాలపు వర్షంలో భాగమే, విడిగా రాస్తే చోటు దండగ.

మిగిలిన మాటలతో చాలామంది మొదట రాసే క్యాప్షన్ ‘వేసవిలో పొడి, చలికాలంలో వర్షం’ అని ఉంటుంది. దీనితో ఇబ్బంది ఉంది. నెలలు లేవు, కారణం లేదు. పైగా జూన్–సెప్టెంబరులో చెన్నైలో అసలు వర్షమే పడదన్న భావం కలుగుతుంది. అప్పుడూ పడుతుంది, కాకపోతే అక్టోబరు–డిసెంబరుతో పోలిస్తే తక్కువ. దాన్ని సరిచేసి రాస్తే ఇలా ఉంటుంది:

> As: వర్షం ఎక్కువగా అక్టో–డిసెం. అరేబియా శాఖకు వర్షచ్ఛాయ. బంగాళాఖాతం శాఖ తీరానికి సమాంతరం.

ప్రతి క్యాప్షన్‌నూ ఇదే అచ్చులో పోయండి. ముందు గుర్తు, తర్వాత ఒక కొలత లేదా కాలం, ఆ తర్వాత కారణం. పన్నెండు మాటలు దాటనివ్వొద్దు. ఆరు సెంటీమీటర్ల వెడల్పులో చేతిరాతతో అది మూడు నాలుగు వరుసలు అవుతుంది. అంతకు మించితే మళ్లీ నోట్సే తయారవుతుంది.

ముందు నాలుగు కారణ రేఖలు

పెన్సిల్‌తో లేతగా నాలుగు గీయాలి: కర్కట రేఖ, పశ్చిమ కనుమలు, ఆరావళి, హిమాలయాలు. ఆ తర్వాత నైరుతి రుతుపవనాల రెండు శాఖలకు రెండు బాణాలు.

వీటిలో ఎక్కువ తప్పులు జరిగేది కర్కట రేఖ దగ్గర. స్కేలు పెట్టి తిన్నగా గీసేస్తారు. అట్లాసుల్లో భారతదేశ పటాలు చాలావరకు శంఖు ప్రక్షేపంతో తయారవుతాయి. అందులో అక్షాంశాలు మధ్యలో కాస్త కిందికి వంగిన చాపాల్లా ఉంటాయి. మీ అవుట్‌లైన్ అంచుల్లో అక్షాంశాల గుర్తులు లేకపోతే నగరాలను ఆనవాళ్లుగా పెట్టుకోండి. గాంధీనగర్, భోపాల్, రాంచీ మూడూ ఈ రేఖకు కొద్దిగా దక్షిణంగా ఉంటాయి, అగర్తల కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. ఈ నాలుగు చుక్కలు పెట్టి, మొదటి మూడింటికి పైనుంచి, చివరిదానికి కిందినుంచి గీత లాగితే సరైన చోటనే వస్తుంది.

పశ్చిమ కనుమలను తీరానికి ఆనించి గీయకండి. తీరానికీ కనుమలకూ మధ్య సన్నటి మైదానం ఉంది, Amw పట్టీ పట్టాల్సింది అక్కడే. ఆరావళిని గుజరాత్ ఈశాన్య మూల నుంచి ఢిల్లీ వైపు వాలుగా గీయండి. అరేబియా శాఖ బాణం దానికి పక్కగా, దాదాపు అదే దిశలో సాగాలి. బాణం ఆరావళిని గుద్దుకున్నట్టు వేస్తే థార్ ఎడారికి కారణమే తారుమారవుతుంది. కొండలు గాలికి అడ్డంగా ఉంటే అది పైకి లేచి చల్లబడి వర్షిస్తుంది. సమాంతరంగా ఉంటే పక్కనుంచి జారిపోతుంది. బంగాళాఖాతం శాఖ బాణాన్ని గంగా మైదానం వెంట పడమరకు తిప్పి, పోనుపోను సన్నగా చేయండి. అది రాజస్థాన్ చేరేసరికి తేమ చాలావరకు ఖర్చయిపోతుందన్న సంగతి ఆ సన్నబడటమే చెబుతుంది.

మండలాల గీతలు

ఇప్పుడు మండలాల సరిహద్దులు. వీటిని నిండు గీతలతో కాకుండా తెగిన గీతలతో వేయండి. శీతోష్ణస్థితి ఒక ఊరి పొలిమేర దాటగానే మారదు. అలాగే మండలం గీత రాష్ట్ర సరిహద్దు వెంట పోతుంటే అనుమానించండి. నోట్స్‌లో ‘రాజస్థాన్’ అని ఉంటే రాష్ట్రం మొత్తం ఎడారి రంగు వేయడం మామూలుగా జరిగే పొరపాటు. నిజానికి ఆ ఒక్క రాష్ట్రంలోనే పడమటి కొసన BWhw, దాని పక్కన BShw, తూర్పున Cwg ఉన్నాయి.

*Aw, Cwg మధ్య.* ఈ గీత కర్కట రేఖకు దగ్గరగా సాగుతుంది. దానికి కారణం కొప్పెన్ పెట్టిన కొలత. అన్నిటికంటే చల్లని నెల సగటు ఉష్ణోగ్రత 18°సె. కంటే ఎక్కువ ఉంటే A, తగ్గితే C. జనవరి సగటు కోల్‌కతాలో 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, ఢిల్లీలో 14 దగ్గర ఉంటుంది. కాబట్టి కోల్‌కతా A వైపు, ఢిల్లీ C వైపు పడాలి. గీత వేశాక ఈ రెండు నగరాలూ సరైన పక్కనే ఉన్నాయా అని చూసుకోండి. ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువ భాగం Cwg లోకే వస్తుంది, దాన్ని మర్చిపోయి గంగా మైదానంతో ఆపేయవద్దు.

*Amw పట్టీ.* గోవా నుంచి దక్షిణానికి, కనుమలకు పడమర పక్కన ఇది ఉంటుంది. ముంబైలో అంత వాన పడుతుంటే దాన్ని ఇందులో ఎందుకు కలపలేదన్న ప్రశ్న సహజంగా వస్తుంది. నోట్స్‌లో జవాబు సాధారణంగా ఉండదు గానీ, ఈ షీట్ మొత్తంలో తెలుసుకోదగ్గ లెక్క అదే. వర్షాన్ని మిల్లీమీటర్లలో తీసుకుంటే, పొడి కాలమున్న ఉష్ణమండల ప్రాంతం Am కావాలంటే అన్నిటికంటే పొడి నెల వర్షం ఈ విలువకు తగ్గకూడదు:

```
100 − (వార్షిక వర్షపాతం ÷ 25)
```

వార్షిక వర్షం 2,500 మి.మీ. అయితే ఈ విలువ సరిగ్గా సున్నా అవుతుంది. అంటే 250 సెం.మీ. వర్షం పడే చోట ఒక నెల పూర్తిగా ఎండిపోయినా Am గానే ఉంటుంది, ఎందుకంటే వానాకాలంలో నేలలో చేరిన తడి ఆ లోటును తీరుస్తుంది. ముంబైలో వార్షిక వర్షం 2,300 మి.మీ. అనుకుని లెక్కిస్తే పొడి నెలలో కనీసం 8 మి.మీ. పడాలి. అక్కడ వేసవికి ముందు నెలల్లో దాదాపు ఏమీ పడదు, అందుకే అది Aw. కొచ్చిలో 3,000 మి.మీ. అనుకుంటే విలువ సున్నా కంటే దిగువకు పోతుంది, కాబట్టి Am. ఈ లెక్కను షీట్ వెనక పక్క రాసుకుని, క్యాప్షన్‌లో 250 సెం.మీ. అన్న ఒక్క అంకె పెట్టండి.

లెక్కతో వేసిన కొత్త పటాల్లో ఈ పట్టీ గోవా దాటి రత్నగిరి వైపు కూడా సాగుతుంది. పాఠ్యపుస్తకం గోవా దగ్గర ఆపితే మీరూ అక్కడే ఆపండి. ఒకే షీట్‌లో రెండు పటాలను కలిపితే ఏ గీత ఎక్కడిదో తర్వాత మీకే తెలియదు. ఏ పుస్తకం ఆధారంగా గీశారో పటం కింది మూల చిన్నగా రాసి పెట్టుకోండి.

*Aw, మన రాష్ట్రాలు.* పాఠ్యపుస్తకాల వివరణ ద్వీపకల్ప పీఠభూమిలో ఎక్కువ భాగాన్ని Aw లో వేస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అందులోకే వస్తాయి. అయితే సహ్యాద్రి వెనక వర్షచ్ఛాయ పట్టీని BShw గా చూపే పటాలూ ఉన్నాయి. ఏడాదికి 55 సెం.మీ. దగ్గర వర్షం పడే అనంతపురం వాటిలో అర్ధశుష్క మండలంలోకి పోతుంది. మీ పుస్తకం ఆ పట్టీని చూపిస్తే తప్పకుండా గీయండి, చూపకపోతే రాయలసీమ మీద ఒక చిన్న నక్షత్రం గుర్తు పెట్టి వెనక పక్క ఈ మాట రాయండి. As విషయంలోనూ ఇలాంటిదే ఒకటుంది. పుస్తకం తమిళనాడు తీరం అంటుంది గానీ, నెల్లూరు దగ్గర కూడా వర్షంలో ఎక్కువ భాగం అక్టోబరు–డిసెంబరులోనే పడుతుంది. పట్టీ పై కొసను తమిళనాడు సరిహద్దు దగ్గర కత్తిరించినట్టు ఆపకుండా సన్నగా ముగిస్తే సరిపోతుంది.

*E.* జమ్మూ కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ అని నోట్స్‌లో ఉంటుంది. E కి కొలత: అన్నిటికంటే వెచ్చని నెల సగటు కూడా 10°సె. లోపే ఉండాలి. శ్రీనగర్‌లో జులై సగటు 20 డిగ్రీలు దాటుతుంది. అంటే లోయలకు ఈ గుర్తు సరిపోదు, ఎత్తైన పర్వతాలకే సరిపోతుంది. అందుకని రంగు వేసేటప్పుడు రాష్ట్రమంతా నింపకుండా పర్వతశ్రేణుల వెంట వేయండి, క్యాప్షన్‌లో ‘ఎత్తు’ అన్న మాట ఉండేలా చూడండి.

Dfc అరుణాచల్ ప్రదేశ్ ఒక్కటే. BShw ఎడారి పట్టీకి తూర్పున, వాయవ్య గుజరాత్ నుంచి పంజాబ్ వైపు సాగుతుంది.

గుర్తులు, రంగులు, ఆ వరుసలోనే

రంగు వేయకముందే అక్షరాలు రాయాలి. కలర్ పెన్సిల్‌లో మైనం ఉంటుంది కాబట్టి దాని మీద జెల్ పెన్ను సరిగా పడదు, తెగుతూ రాస్తుంది. ముందు బాల్ పెన్నుతో రాసి ఆ తర్వాత రంగు వేస్తే అక్షరాలు చెదరవు.

మండలం పెద్దదైతే గుర్తు లోపలే రాయండి. Amw, As పట్టీలు మాత్రం ఈ స్కేలులో అర సెంటీమీటరు లోపే ఉంటాయి, వాటిలో ఏమీ పట్టదు. పట్టీ లోపల ఒక చుక్క పెట్టి అక్కడినుంచి సముద్రంలోకి సన్నటి గీత లాగి దాని చివర గుర్తు రాయండి. Amw గీత అరేబియా సముద్రంలోకి, As గీత బంగాళాఖాతంలోకి పోవాలి.

గుర్తుల్లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కచ్చితంగా పాటించండి. BWhw లో రెండు డబ్ల్యూలు ఉన్నాయి. పెద్ద W అంటే ఎడారి, చివరి చిన్న w అంటే చలికాలం పొడి. BShw లోని పెద్ద S స్టెప్పీ, As లోని చిన్న s వేసవి పొడి. కొన్ని నోట్స్‌లో ఇవన్నీ చిన్నక్షరాల్లోనే ఉంటాయి, అలా ఎత్తి రాస్తే అర్థం పోతుంది.

రంగు మొదటి అక్షరాన్ని బట్టి పెట్టుకోండి. A మూడింటికీ ఆకుపచ్చ, B రెండింటికీ పసుపు, C కి నీలం, D కి ఊదా, E కి రంగు లేకుండా వదిలేయవచ్చు. ఒకే రంగులో ఉన్నవాటిని గీతలతో విడదీయండి: Aw కి ఖాళీ రంగు, Amw కి నిలువు గీతలు, As కి అడ్డ గీతలు, BWhw కి చుక్కలు, BShw కి ఖాళీ రంగు. ఇలా చేస్తే నలుపు తెలుపు జెరాక్స్‌లోనూ షీట్ పనికొస్తుంది. ఎనిమిదింటికీ ఎనిమిది వేర్వేరు రంగులు వేస్తే As, Aw, Amw ఒకే కుటుంబమన్న సంగతి కంటికి తెలియదు.

క్యాప్షన్లు ఎటు ఏవి

ఎడమ పక్క నాలుగు, కుడి పక్క నాలుగు. పటంలో ఆ మండలం ఎంత ఎత్తులో ఉందో క్యాప్షన్ కూడా దాదాపు అంతే ఎత్తులో ఉంటే గీతలు ఒకదాన్నొకటి దాటవు. ఒక్కోదానికి నాలుగు సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది.

ఎడమ పక్క, పైనుంచి:

1. E: వెచ్చని నెల సగటు కూడా 10° లోపే, కారణం ఎత్తు.
2. BWhw: ఏడాదికి 25 సెం.మీ. లోపు, ఆరావళి గాలికి సమాంతరం.
3. BShw: ఎడారి అంచు, పడే వర్షం కంటే ఆవిరయ్యే శక్తి ఎక్కువ.
4. Amw: 250 సెం.మీ. పైన, పొడి కాలం తక్కువ. కనుమలు గాలిని లేపుతాయి.

కుడి పక్క, పైనుంచి:

5. Dfc: అన్ని కాలాల్లో తడి, 10° దాటే నెలలు నాలుగు కంటే తక్కువ.
6. Cwg: చల్లని నెల 18° లోపు, వానకు ముందే ఎండ పతాకస్థాయికి.
7. Aw: చల్లని నెల కూడా 18° పైన, చలికాలం పొడి.
8. As: వర్షం ఎక్కువగా అక్టో–డిసెం. అరేబియా శాఖకు వర్షచ్ఛాయ. బంగాళాఖాతం శాఖ తీరానికి సమాంతరం.

ఆరో క్యాప్షన్‌లో g ని వదిలేయకుండా చూడండి. అది గంగా మైదానపు లక్షణం. అక్కడ అత్యధిక ఉష్ణోగ్రత జూన్ అయనాంతానికి, రుతుపవనాల రాకకు ముందే, మే నెల ప్రాంతంలో వస్తుంది. మేఘాలు కమ్మాక సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉన్నా ఎండ తగ్గుతుంది.

సరిచూసుకోవడం

రంగు వేశాక కాదు, వేసే ముందే ఈ పరీక్ష పెట్టండి. జైసల్మేర్, ఢిల్లీ, కోల్‌కతా, ముంబై, కొచ్చి, చెన్నై, హైదరాబాద్‌లకు చుక్కలు పెట్టండి. అవి వరసగా BWhw, Cwg, Aw, Aw, Amw, As, Aw లో పడాలి. ఏదైనా తప్పు మండలంలో పడితే చాలావరకు తప్పు గీతలో కాదు, దానికి ఆధారమైన కారణ రేఖలో ఉంటుంది. కోల్‌కతా Cwg లో పడిందంటే కర్కట రేఖ కిందికి జారిందన్నమాట. కొచ్చి Aw లో పడితే కనుమలను తీరానికి అతికించి గీశారని అర్థం.

ఖాళీ ప్రతి

క్యాప్షన్లు రాయకముందే, కారణ రేఖలు, మండలాల తెగిన గీతలు మాత్రమే ఉన్న దశలో షీట్‌ను మూడు నాలుగు జెరాక్స్‌లు తీసి ఉంచుకోండి. పెన్సిల్ మరీ లేతగా ఉంటే జెరాక్స్‌లో రాదు, ఆ గీతల మీద ఒకసారి నల్ల పెన్నుతో దిద్దండి. చదివిన మర్నాడు ఒక ఖాళీ ప్రతి మీద గుర్తు, కొలత, కారణం మూడూ చూడకుండా రాసి అసలు షీట్‌తో పోల్చండి. గుర్తు తప్పితే ఎర్ర చుక్క, కారణం తప్పితే ఎర్ర సున్నా పెట్టండి. చుక్కలు ఎక్కువైతే పటాన్ని మళ్లీ చూడాలి. సున్నాలు ఎక్కువైతే నాలుగు రేఖలు, రెండు బాణాలు మాత్రమే ఉన్న పటాన్ని విడిగా గీసి, దాని మీద ఎనిమిది గుర్తులు చూడకుండా పెట్టడం అభ్యాసం చేయాలి. పరీక్షలో పది మార్కుల జవాబు పక్కన వేయాల్సిన పటం కూడా ఈ రెండోదే. దాన్ని చేతితో ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తులో గీయగలిగితే జవాబు పత్రంలో పేజీ మూడో వంతులో సర్దుకుంటుంది.